ఘర్షణ మొత్తం తీసేసినా ఇంజన్ కార్నోని ఎందుకు అందుకోదు?

ప్రశ్న: "సార్, నాది గుంటూరు, మెకానికల్ సెకండ్ ఇయర్. కార్నో ఎఫిషియెన్సీ 67 శాతం వచ్చే చోట అసలు ప్లాంట్ 40 దగ్గరే ఆగిపోతుంది అంటున్నారు, ఎందుకు అంటే అందరూ ఫ్రిక్షన్ అనేస్తున్నారు. మరి ఫ్రిక్షన్ మొత్తం తీసేస్తే 67 వచ్చేస్తుందా? ఎంట్రోపీ అంటే డిజార్డర్ అని రాసుకున్నాను కానీ దానికీ దీనికీ లింకు ఏంటో అర్థం కాలేదు."

రాదు తమ్ముడూ. ఫ్రిక్షన్ చిల్లర దొంగ. పెద్ద దొంగ వేరే ఉన్నాడు, వాడు టర్బైన్‌లో ఉండడు, బాయిలర్ ట్యూబు గోడలో ఉంటాడు. నేను ముప్పై ఏళ్ళు థర్మల్ ప్లాంట్ ఆపరేషన్స్‌లో చేసి రిటైరై ఇప్పుడు విజయవాడలో కూర్చున్నాను, సర్వీసులో సగం పైన కండెన్సర్ వాక్యూమ్ గేజ్ చూస్తూనే గడిచింది, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ డిజార్డర్ మాట పక్కన పెట్టేయ్. తప్పని కాదు, ఇంజన్ లెక్కకి పనికిరాదు, అంతే. నీకు కావాల్సింది చిట్టాపుస్తకం లాంటి ఎంట్రోపీ. వేడి ఒక చోట నుంచి ఇంకో చోటికి వెళ్తే ఒంటరిగా వెళ్ళదు, తనతో పాటు కొంత ఎంట్రోపీని మోసుకెళ్తుంది. ఎంత అంటే వేడిని అక్కడి టెంపరేచర్‌తో భాగిస్తే వచ్చేదే, Q/T, టెంపరేచర్ కెల్విన్‌లో. అదే వేడి ఎక్కువ టెంపరేచర్‌లో వెళ్తే తక్కువ ఎంట్రోపీ మోస్తుంది, తక్కువ టెంపరేచర్‌లో వెళ్తే ఎక్కువ మోస్తుంది. రెండో రూల్, పని, అంటే షాఫ్టు తిప్పేది, ఎంట్రోపీని అసలు మోయదు, సున్నా. మూడోది, ఎంట్రోపీ కొత్తగా పుడుతుంది గానీ చావదు. సెకండ్ లా అంటే ఈ మూడోదే, ఇంకేం లేదు.

ఇప్పుడు ఇంజన్ లోపల కూర్చుని చూడు. బాయిలర్ వైపు నుంచి వేడి వచ్చింది, దాంతో ఎంట్రోపీ కూడా లోపలికొచ్చేసింది. ఇంజన్ అదే సైకిల్ మళ్ళీ మళ్ళీ తిరగాలి కాబట్టి ఎంట్రోపీని లోపల పోగేసుకోకూడదు. చంపడం కుదరదు. షాఫ్టు మీద పంపిద్దామంటే షాఫ్టు మోయదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, కొంత వేడికి ఎక్కించి నదిలోకి వదిలేయడం. మేము కృష్ణలోకి వేడినీళ్ళు వదిలింది ఇందుకే, చేతగాక కాదు. టర్బైన్ దాటిన ఆవిరిని నీళ్ళు చేసి ఆ వేడిని నదికిచ్చేది కండెన్సర్. చాలామంది ఈ కండెన్సర్ తీసేస్తే ఆ వేడంతా మిగులుతుంది కదా అంటారు, కండెన్సర్ తీసేస్తే ఎంట్రోపీకి బయటికెళ్ళే దారే లేదు, ఇంజన్ తిరగదు.

లెక్క వేద్దాం, సులువుగా ఉండే నెంబర్లు తీసుకుంటాను. వేడి దొరికే చోటు 900 కెల్విన్ (627 డిగ్రీలు), నది 300 కెల్విన్ (27 డిగ్రీలు, మన దగ్గర చలికాలం నీళ్ళనుకో). 1000 జౌల్స్ తీసుకున్నావు. దాంతో వచ్చిన ఎంట్రోపీ 1000/900, అంటే 1.11. మధ్యలో కొత్తగా ఏమీ పుట్టకపోతే సరిగ్గా ఈ 1.11ని నదిలో వదలాలి. నది దగ్గర ఒక్కో యూనిట్ ఎంట్రోపీని దాటించడానికి 300 జౌల్స్ కట్టాలి, మన కాజ టోల్‌గేట్ లాగా, నువ్వు ఎక్కడి నుంచి వచ్చావన్నది వాడికి అనవసరం, బండి దాటితే డబ్బులు కట్టాల్సిందే. 1.11 ఇంటూ 300, 333 జౌల్స్ టోల్ పోయింది, మిగిలిన 667 షాఫ్టు మీద వచ్చింది. ఇదే నీ 67 శాతం, ఇదే 1 − Tc/Th. ఫార్ములా ఎక్కడి నుంచో ఊడిపడలేదు, టోల్ లెక్కే.

ఎవడైనా వచ్చి నా ఇంజన్ 700 ఇస్తుంది అన్నాడనుకో, అప్పుడు నదిలోకి 300 జౌల్సే వెళ్తున్నాయి, అంటే 1.0 ఎంట్రోపీ. లోపలికి 1.11 వచ్చింది, బయటికి 1.0 వెళ్ళింది, 0.11 మాయమైంది. అది జరగదు. డిజైన్ డ్రాయింగు కూడా చూడక్కర్లేదు, ఈ ఒక్క తీసివేతతో వాడిని గుమ్మం దగ్గరే పంపించేయొచ్చు. అందుకే కార్నో లిమిట్‌కి ఆవిరైనా గాలైనా ఇంకేదైనా తేడా లేదు.

(చిన్న పక్కమాట. మా కాలేజీలో కార్నాట్ అనేవారు, ఫ్రెంచి పేరు కాబట్టి కార్నో అనాలి. ఆయన ఈ లిమిట్ సంగతి 1824లో రాసేటప్పటికి 28 ఏళ్ళు, 36కే కలరాతో పోయాడు. ఆయన వేడి ఖర్చవదనుకున్నాడు, నాగార్జునసాగర్‌లో నీళ్ళు పైనుంచి కిందికి పడితే నీళ్ళు తగ్గకుండానే టర్బైన్ తిరిగినట్టు, వేడి కూడా పైనుంచి కిందికి పడుతూ పని ఇస్తుంది అనుకున్నాడు. వేడి విషయంలో అది తప్పు, 1000 వెళ్తే 333 మాత్రమే కిందికి చేరింది. కానీ వేడి అన్నచోట ఎంట్రోపీ అని పెట్టి చదివితే ఐడియల్ ఇంజన్‌కి ఆయన మాట అచ్చంగా సరిపోతుంది, 1.11 లోపలికి, 1.11 బయటికి. ఎంట్రోపీ అనే పేరు పెట్టింది మాత్రం క్లాసియస్, 1865లో. పేరు పుట్టకముందే మనిషి దాని దగ్గర దాకా వెళ్ళొచ్చాడు, నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.)

ఇప్పుడు పెద్ద దొంగ దగ్గరికి వద్దాం. ముందు టీ గ్లాసు చూడు. 87 డిగ్రీల టీ, అంటే 360 కెల్విన్, 27 డిగ్రీల గదిలో పెట్టావు. అది 100 జౌల్స్ గాలికి ఇచ్చేసింది. టీ పోగొట్టుకున్న ఎంట్రోపీ 100/360, 0.278. గాలికి చేరింది 100/300, 0.333. తేడా 0.0556 ఎక్కడిది? దారిలో పుట్టింది. ఏదీ రాసుకోలేదు, ఏదీ కదల్లేదు, ఫ్రిక్షన్ ఊసే లేదు, ఎనర్జీ ఒక్క జౌల్ కూడా పోలేదు, ఊరికే వేడి వస్తువు నుంచి చల్లటి వస్తువుకి వేడి వెళ్ళింది, అంతే. టెంపరేచర్ తేడా మీదుగా వేడి దూకిన ప్రతిసారీ ఎంట్రోపీ పుడుతుంది. అక్కడ ఒక చిన్న ఐడియల్ ఇంజన్ పెట్టుంటే ఆ 100లో 16.7 జౌల్స్ పని వచ్చేది, పుట్టిన ఎంట్రోపీని 300తో గుణించి చూడు, సరిగ్గా అదే వస్తుంది. ఇది గుర్తు పెట్టుకో: ఎక్కడ ఎంత ఎంట్రోపీ పుట్టినా దాన్ని చుట్టూ ఉన్న చల్లటి చోటి టెంపరేచర్‌తో గుణిస్తే పోయిన పని వస్తుంది.

ఇదే ప్లాంట్‌లో పెద్ద సైజులో జరుగుతుంది. బాయిలర్‌లో వేడి వైపుకీ నీటికీ మధ్య ట్యూబు గోడ ఉంది. గోడ దాటి వేడి రావాలంటే బయట ఎక్కువ, లోపల తక్కువ ఉండాలి. ఆవిరి టర్బైన్‌కి వెళ్ళేటప్పుడు 540 డిగ్రీలు ఉంటుందని నువ్వు చదివే ఉంటావు, కానీ ఆ వేడిలో ఎక్కువ భాగం ఎక్కింది 540 దగ్గర కాదు, నీళ్ళు కాగేటప్పుడూ మరిగేటప్పుడూ, 150 బార్ దగ్గర నీళ్ళు మరిగేది 340 డిగ్రీల చిల్లరలో. అందుకే సగటున వేడి ఎక్కింది 600 కెల్విన్ దగ్గర అనుకుందాం. అటు కండెన్సర్‌లో ఆవిరి నీళ్ళయ్యేది 320 కెల్విన్ దగ్గర, నది 300 దగ్గర.

ఇప్పుడు నీ ప్రశ్నలో అడిగినట్టే ఫ్రిక్షన్ సున్నా. టర్బైన్, పంపులు, బేరింగులు అన్నీ దేవుడు చేసిచ్చినవి. అదే 1000 జౌల్స్. 900 దగ్గర బయల్దేరినప్పుడు 1.11 ఎంట్రోపీ, గోడ దాటి 600 దగ్గరికి వచ్చేసరికి 1000/600, 1.67. గోడలోనే 0.56 పుట్టింది. ఈ 1.67ని ఇంజన్ 320 దగ్గర వదలాలి, 1.67 ఇంటూ 320, 533 జౌల్స్. మిగిలింది 467. మళ్ళీ ఆ 533 కండెన్సర్ ట్యూబు దాటి 300 నదిలోకి చేరేసరికి 533/300, 1.78 అయింది, ఇంకో 0.11 పుట్టింది. మొత్తం పుట్టింది 0.67, దాన్ని 300తో గుణిస్తే 200. కార్నో ఇచ్చింది 667, మనకొచ్చింది 467, తేడా సరిగ్గా 200. పైసా తేడా లేకుండా చిట్టా కుదిరింది చూశావా. ఆ 200లో బాయిలర్ గోడ వాటా 167, కండెన్సర్ వాటా 33.

కాబట్టి ఫ్రిక్షన్ మొత్తం తీసేసినా 67 నుంచి 47కి పడిపోయావు. ఇప్పుడు ఫ్రిక్షన్ కూడా వేద్దాం. టర్బైన్‌లో ఆవిరి బ్లేడ్లకి రాసుకుని, సీల్స్ సందుల్లోంచి కారిపోయి, సుళ్ళు తిరిగి ఓ 0.15 ఎంట్రోపీ పుట్టించిందనుకో (ఇది నేను ఉదాహరణకి పెట్టిన అంకె). అప్పుడు వదలాల్సింది 1.82 దాకా అయింది, 320తో గుణిస్తే 581, షాఫ్టు మీద 419. అంటే ఫ్రిక్షన్ వేశాక ఇంకో 48 పోయాయి, అంతకు ముందే గోడలు తిన్నది 200. పొగగొట్టంలోంచి పోయే వేడి, ప్లాంట్ తన కోసం తను వాడుకునే కరెంటు ఇందులో కలపలేదు, అవి వేరే ఖాతా.

టర్బైన్‌లో ఎంట్రోపీ పుడుతోందని ఎలా తెలుస్తుంది అని అడుగుతావేమో, ఎంట్రోపీకి మీటర్ లేదు కదా. ఎక్కువ ప్రెషర్ ఆవిరి ముందుగా వెళ్ళే హెచ్‌పీ టర్బైన్ దగ్గర థర్మామీటరే చెప్తుంది. 147 బార్, 535 డిగ్రీల ఆవిరి 39 బార్ దాకా వ్యాకోచిస్తే, ఎంట్రోపీ ఏమీ పుట్టకపోతే సుమారు 320 డిగ్రీల దగ్గర బయటికి రావాలి (స్టీమ్ టేబుల్ తీసి నువ్వే చూడు, మంచి ప్రాక్టీసు). నిజం మెషీన్‌లో 340 చిల్లర వస్తుంది. ఆ ఇరవై డిగ్రీలు షాఫ్టుకి చేరకుండా ఆవిరిలోనే ఉండిపోయిన వేడి. ఇన్లెట్ కండిషన్లు, లోడు అవే ఉండి, ఏడాది తర్వాత అది మెల్లగా 350 వైపు పాకుతోందంటే సీల్స్ అరిగాయో బ్లేడ్ల మీద పేరుకుందో, ఓవర్‌హాల్ లిస్టులో రాసుకోవాల్సిందే. తక్కువ ప్రెషర్ ఆవిరి చివరగా వెళ్ళే ఎల్‌పీ టర్బైన్ ఎగ్జాస్టులో మాత్రం ఈ కిటుకు పనిచేయదు, అక్కడ ఆవిరిలో తడి ఉంటుంది, తడి ఆవిరి టెంపరేచర్ ప్రెషర్‌ని బట్టే ఉంటుంది, తడి ఎంతుందో థర్మామీటర్‌కి తెలీదు. కుర్రాళ్ళు చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

సరే, దొంగ గోడలో ఉన్నాడని తెలిసింది, మరి టెంపరేచర్ తేడా తగ్గించేయొచ్చు కదా? తగ్గించొచ్చు, కానీ వేడి వెళ్ళే స్పీడు ఆ తేడా మీదే ఆధారపడింది. తేడా సగం చేస్తే అదే వేడి దాటడానికి ట్యూబుల వైశాల్యం రెట్టింపు కావాలి. కండెన్సర్‌లో 20 డిగ్రీల సగటు తేడాని 1 డిగ్రీ చేయాలంటే ఇరవై రెట్ల ట్యూబులు, ఇప్పటికే ఒక యూనిట్ కండెన్సర్‌లో వేల ట్యూబులున్నాయి. తేడా సున్నా చేస్తే, అంటే అచ్చమైన కార్నో చేస్తే, వేడి కదలనే కదలదు, లేదా ఒక్క సైకిల్ పూర్తవడానికి అనంతమైన టైమ్ పడుతుంది. 67 శాతం ఎఫిషియెన్సీ ఉంటుంది, కానీ పవర్ సున్నా. ఒక్క ఎల్‌ఈడీ బల్బు కూడా వెలగదు. కార్నో ఇంజన్ మంచి ఇంజన్ అని కాదు, అది గట్టు. గట్టు మీద ఎవరూ ఇల్లు కట్టుకోరు.

మరి ఎక్కువ పవర్ రావాలంటే ఎక్కడ ఆగాలి? తేడా ఎక్కువ పెడితే వేడి జోరుగా వస్తుంది గానీ ఒక్కో జౌల్‌కి పని తగ్గుతుంది, తేడా తక్కువ పెడితే తారుమారు, మధ్యలో ఎక్కడో గరిష్ఠం ఉంటుంది. లోపల ఇంజన్ ఐడియల్, నష్టమంతా గోడల్లోనే, గోడ దాటే వేడి తేడాకి అనులోమంగా ఉంటుంది అనుకుని లెక్క కడితే గరిష్ఠ పవర్ దగ్గర ఎఫిషియెన్సీ 1 − √(Tc/Th) వస్తుంది. 1975లో కర్జన్, ఆల్‌బోర్న్ అని ఇద్దరు దీన్ని అందరి దృష్టికీ తెచ్చారు, 1957లోనే నోవికోవ్, షాంబదాల్ దీనికి చేరుకున్నారు. మన 900, 300కి వేస్తే 42 శాతం. నీకు ప్లాంట్లు 40 దగ్గర ఆగుతాయని చెప్పింది దీనికి దగ్గరగా ఉంది కదా. కానీ జాగ్రత్త, ఇది కార్నో లాంటి చట్టం కాదు, ఆ ఊహల మీద నిలబడ్డ అంచనా, బొగ్గు ఆదా కోసం పవర్ కాస్త వదులుకుంటే దీన్ని దాటొచ్చు. ఎగ్జామ్‌లో దీన్ని సెకండ్ లా అని రాసి మార్కులు పోగొట్టుకోకు.

బాయిలర్ వైపు తేడా ఇంత పెద్దగా ఉండడానికి ఇంకో కారణం ఇనుము. మంట 1200 డిగ్రీలకి బాగా పైన ఉంటుంది, అంటే నేను 900 కెల్విన్ అని తీసుకోవడమే మొహమాటపడి తీసుకోవడం, అసలు నష్టం మంట నుంచి లెక్కేస్తే ఇంకా ఎక్కువ. కానీ ఆ ప్రెషర్‌లో ఏళ్ళ తరబడి నిలబడే స్టీలు ట్యూబు మామూలుగా 540 దాకా, కొత్త ప్లాంట్లలో 600 దాకా ఓర్చుకుంటుంది, అంతకు మించితే మెల్లగా సాగి పగిలిపోతుంది. గ్యాస్ టర్బైన్‌లో బ్లేడ్లని లోపలి నుంచి గాలితో చల్లబరుస్తారు కాబట్టి కొత్తవాటిలో 1500 డిగ్రీల గ్యాస్‌ని పంపగలుగుతున్నారు, దాని పొగ 600 దగ్గర బయటికొస్తే ఆ పొగతో మళ్ళీ ఆవిరి చేసి ఇంకో టర్బైన్ తిప్పుతారు. మన కొండపల్లి వైపు గ్యాస్ ప్లాంటు కూడా ఈ కంబైన్డ్ సైకిల్ రకమే. ప్రపంచంలో కొత్తగా వచ్చినవి 60 శాతం దాటుతున్నాయి. కొత్త మాయేమీ లేదు, మంటకీ ఆవిరికీ మధ్య ఊరికే దూకేసిన తేడాలో ఇంకో ఇంజన్ పెట్టారు, టీ గ్లాసు పక్కన చిన్న ఇంజన్ పెట్టినట్టే.

చివరగా కండెన్సర్ సంగతి ఒకటి చెప్తాను, నేను కళ్ళారా చూసింది, ప్లాంట్ పేరు వద్దులే. ఒక మే నెల, 210 మెగావాట్ల యూనిట్, బయట ఎండ 44, నీళ్ళే 32 డిగ్రీలకి వచ్చేశాయి కాబట్టి వాక్యూమ్ కొంచెం తగ్గడం మామూలే, ఎవరూ పట్టించుకోలేదు. ఎండాకాలం కదా అనేశారు. కానీ షిఫ్టులో ఒక కుర్ర ఇంజనీరు ఇంకో నెంబరు రాసుకుంటూ వచ్చాడు, కండెన్సర్‌లో ఆవిరి టెంపరేచర్‌కీ, బయటికెళ్ళే కూలింగ్ వాటర్ టెంపరేచర్‌కీ మధ్య తేడా. అది మంచి కండెన్సర్‌లో మూడు నాలుగు డిగ్రీలుండాలి. నది వేడెక్కితే రెండూ కలిసి పైకి వెళ్తాయి, తేడా పెద్దగా మారదు. ఆ నెలలో మాత్రం తేడా నాలుగు నుంచి తొమ్మిదికి పోయింది, అంటే తప్పు ఎండది కాదు, ట్యూబులది. గాలి లీకైనా ఇలాగే తేడా పెరుగుతుంది, అందుకని ముందు కండెన్సర్‌లోంచి గాలిని లాగేసే ఎజెక్టర్ దగ్గర గాలి ఎంత వస్తోందో చూశాం, అది మామూలుగానే ఉంది.

లోడు తగ్గించి సగం కండెన్సర్ విడదీసి తెరిచాం. నీళ్ళొచ్చే వైపు ట్యూబ్ షీట్ మీద ప్లాస్టిక్ కవర్లు, నాచు, లోపల వేలితో గీస్తే లేచే సన్నటి మట్టి పొర. అర మిల్లీమీటర్ కూడా ఉండదు. ఆ పొర వేడికి అడ్డం పడింది, అదే వేడి దాటాలంటే తేడా ఐదు డిగ్రీలు పెరగాల్సి వచ్చింది, ఆవిరి ఐదు డిగ్రీలు ఎక్కువ దగ్గర నీళ్ళవుతోంది. మన లెక్కలో పెట్టి చూడు, 320 బదులు 325, వదిలే ఎంట్రోపీ 1.82, ఐదుతో గుణిస్తే 9 జౌల్స్, 419లో 9 అంటే రెండు శాతం పైనే. 210 మెగావాట్ల మీద నాలుగు మెగావాట్ల పైన. నిజం మెషీన్‌లో ఇంత నీట్‌గా రాదు, ఆఖరి బ్లేడ్ల దగ్గర ఆవిరి స్పీడు మారి నష్టం అటూ ఇటూ అవుతుంది, మాకు మూడు దాకా తేడా కనిపించింది.

రెండు రాత్రులు బ్రష్‌లు, నీటి జెట్‌తో ఒక్కో సగం కడిగి మూసేశాం. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, అదే ఎండ, అదే 32 డిగ్రీల నీళ్ళు, తేడా మళ్ళీ నాలుగుకి వచ్చింది, లోడు మీటర్ మీద ఆ మూడు మెగావాట్లు తిరిగొచ్చాయి.